20 శాతం తగ్గించి, ఆపైన 30 శాతం తగ్గిస్తే 50 ఎందుకు కాదు?

వానకోయిల:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వెయ్యి ధర ఉన్న వస్తువు మీద ముందు 20 శాతం, ఆ తర్వాత 30 శాతం తగ్గించారు. చివరికి 560 వచ్చింది. అంటే తగ్గింది 440. లెక్క తనే చేసింది, నేను చేయించాల్సిన అవసరం లేకపోయింది. కానీ "20, 30 కలిపితే 50 కదా, 500 తగ్గాలి కదా, మరి ఆ 60 ఏమైంది?" అని రెండు రోజులుగా వదలడం లేదు. దానికి సూత్రం కాదు, కారణం కావాలి. తన ప్రశ్నలు ఇంకో రెండు ఉన్నాయి. ముందు 30, తర్వాత 20 తగ్గిస్తే జవాబు మారుతుందా? చివరి ధర ఒక్కటే తెలిస్తే మొదటి ధర ఎలా పట్టుకోవాలి?

పరీక్షలగురువు:
పోటీ పరీక్షలకు ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్నాను. ఇది పది సెకన్ల లెక్క. రెండు శాతాలూ కూడి, వాటి లబ్ధాన్ని 100తో భాగించి తీసేయండి. 20 + 30 − 6 = 44. మూడు తగ్గింపులు ఉంటే మూడింటినీ కూడి, రెండేసి చొప్పున గుణించి 100తో భాగించి తీసేస్తే సరి. 20, 30, 10 అయితే 60లోంచి 6, 3, 2 పోతాయి, జవాబు 49. నా విద్యార్థులు కాగితం ముట్టుకోకుండా చెప్పేస్తారు.

నిదానం:
గురువు గారూ, మూడు తగ్గింపుల లెక్క తప్పండి. 1000 నుంచి 800, 800 నుంచి 560, 560 నుంచి 504. తగ్గింది 496, అంటే 49.6 శాతం. మీ పద్ధతిలో చివర మూడు శాతాల లబ్ధాన్ని 10,000తో భాగించి మళ్లీ కలపాలి. 20 × 30 × 10 అంటే 6000, దాన్ని 10,000తో భాగిస్తే 0.6. అది వదిలేశారు. ఇచ్చిన నాలుగు జవాబుల్లో 49, 49.6 రెండూ ఉంటే విద్యార్థి మోసపోతాడు.

వానకోయిల గారూ, ఆ 60 ఎక్కడికీ పోలేదు. రెండో తగ్గింపు వచ్చేసరికి వెయ్యి అక్కడ లేదు, 800 మాత్రమే ఉంది. మీ అమ్మాయి మనసులో 30 శాతం అంటే 300 అని ఉంది. అది వెయ్యిలో 30 శాతం. కానీ ఆ వెయ్యిలో 200 అప్పటికే తీసేశారు. తీసేసిన ఆ 200 మీద మళ్లీ 30 శాతం తగ్గించడం కుదరదు కదా? 200లో 30 శాతం ఎంతో తననే చూడమనండి. సరిగ్గా 60.

నెలాఖరు:
ఇది పిల్లల పుస్తకంలో లెక్క మాత్రమే కాదు. నేను పనిచేసే చోట గడ్డు కాలమని అందరి జీతాల్లో 10 శాతం కోశారు. పరిస్థితి బాగుపడ్డాక 10 శాతం పెంచి "మీ పాత జీతం మీకు వచ్చేసింది" అని ప్రకటించారు. రాలేదు! 100 ఉన్నది 90 అయింది. 90లో పదో వంతు 9. ఇప్పుడు 99. అడిగితే "పది తీశాం, పది ఇచ్చాం" అంటారు. ఆ తర్వాత ప్రతి పెంపూ ఈ 99 మీదే లెక్క కడుతున్నారు. ఆ ఒక్క శాతం లోటు ఎప్పటికీ మాతోనే ఉంటుంది. పాత జీతం రావాలంటే ఎంత శాతం పెంచాలి?

పరీక్షలగురువు:
11.11 శాతం. 90 మీద 10 రావాలి కాబట్టి తొమ్మిదో వంతు. ఇది కూడా పది సెకన్లే.

నిదానం గారూ, మూడు తగ్గింపుల ప్రశ్నలు అరుదుగా వస్తాయి. వచ్చినా 49.6కు దగ్గరగా ఉన్న జవాబు పెడితే చాలు.

పాతలెడ్జర్:
దగ్గరగా ఉంటే చాలని లెక్కలు చెప్పేవారు అనకూడదు. అదలా ఉంచండి. అసలు అందరూ 44 అని ఎలా తేల్చేశారు? నేను బిల్లులు సరిచూసే పనిలో ఉన్నాను. 20 శాతం, 30 శాతం అని రెండు రాయితీలు ఉన్నప్పుడు, రెండూ మొదటి ధర మీదే లెక్కకట్టాలని ఒప్పందంలో రాసి ఉండవచ్చు. అప్పుడు 200, 300 పోయి 500 మిగులుతుంది. అక్కడ శాతాలు శుభ్రంగా కూడతాయి. కూడతాయా కూడవా అన్నది శాతాన్ని బట్టి తేలదు, దేని మీద శాతం అన్నదాన్ని బట్టి తేలుతుంది. పిల్లకు ముందు ఆ ప్రశ్న వేయడం నేర్పండి.

పరీక్షలగురువు:
ప్రశ్నలో "ఆ తర్వాత" అని స్పష్టంగా ఉంది. వరుస తగ్గింపు అంటేనే మిగిలినదాని మీద తగ్గింపు. లేని అనుమానం పుట్టించకండి. ఆమె రెండో ప్రశ్నకు జవాబు కూడా చెబుతున్నాను: వరుస మార్చినా ఫలితం మారదు. ఎప్పుడూ మారదు.

పాతలెడ్జర్:
"ఎప్పుడూ" అన్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. 20 శాతం తగ్గింపు ఒకటి. "30 శాతం, కానీ 200కు మించకుండా" అనేది రెండోది. ధర వెయ్యి. రెండు వరుసల్లోనూ చేసి చూపించండి.

పరీక్షలగురువు:
పరిమితి పెడితే అది శాతాల లెక్క కాదు. సిలబస్‌లో లేదు.

పాతలెడ్జర్:
బిల్లులో ఉంటుంది. నేనే చేస్తాను. ముందు 20 శాతం తీస్తే 800. 800లో 30 శాతం 240, పరిమితి వల్ల 200 మాత్రమే పోతుంది, మిగిలేది 600. ఇప్పుడు వరుస మార్చండి. వెయ్యిలో 30 శాతం 300, పరిమితి వల్ల 200 పోయి 800 ఉంటుంది. అందులో 20 శాతం 160. మిగిలేది 640. ఒకే వస్తువు, అవే రాయితీలు, 40 తేడా. ఏది ముందో రాసుకోకపోవడం వల్ల ఇలాంటి బిల్లుల మీద తగవులు రావడం నేను చూశాను. ఆ తగవుల దగ్గర "ఎప్పుడూ మారదు" అనేవారే ఎక్కువ గట్టిగా మాట్లాడతారు.

పరీక్షలగురువు:
మీ వృత్తి మీది, నా వృత్తి నాది. నేను చెప్పినది స్వచ్ఛమైన శాతాలకు నూరు పాళ్లు నిజం. దాన్ని తప్పని నిరూపించండి, తర్వాత మాట్లాడండి.

నిదానం:
ఇద్దరిదీ నిజమే, మాట్లాడుతున్న విషయాలే వేరు. 20 శాతం తగ్గించడమంటే 0.8తో గుణించడం. 30 శాతం తగ్గించడమంటే 0.7తో గుణించడం. గుణకారంలో ఏది ముందైనా ఒకటే. పరిమితి గానీ, "మరో 100 తగ్గింపు" లాంటి స్థిరమైన మొత్తం గానీ మధ్యలోకి వచ్చిందంటే అక్కడ గుణకారం ఆగిపోయి తీసివేత మొదలవుతుంది. అక్కడే వరుసకు విలువ వస్తుంది.

ఘాతాంకం:
శాతాలు కూడవని బాధపడకండి, సంవర్గమానాలు తీసుకుంటే కూడతాయి. 0.8 సహజ సంవర్గమానం −0.223, 0.7ది −0.357. కూడితే −0.580, వెనక్కి తిప్పితే 0.56. చిన్న శాతాలైతే ఆ శ్రమ కూడా అక్కర్లేదు. 2, 3 శాతాల తగ్గింపులు కలిసి 4.94 శాతం, 5 అనుకున్నా పెద్ద నష్టం లేదు. శాతాలు పెద్దవయ్యేకొద్దీ తేడా ముదురుతుంది.

గళ్లకాగితం:
ఎనిమిదో తరగతి పిల్లకు సంవర్గమానాలా? దయచేసి ఆగండి.

వానకోయిల గారూ, పది గళ్లు అడ్డం, పది గళ్లు నిలువు ఉన్న చతురస్రం గీయించండి. వంద గళ్లు. పైనుంచి రెండు అడ్డు వరుసలకు ఎర్ర రంగు వేయమనండి, అది 20 శాతం. ఎడమనుంచి మూడు నిలువు వరుసలకు నీలం రంగు వేయమనండి, అది 30 శాతం. మూలలో ఆరు గళ్ల మీద రెండు రంగులూ పడతాయి. 20, 30 కూడితే ఆ ఆరు గళ్లను రెండుసార్లు లెక్కపెట్టినట్లు. రంగు పడనివి ఏడు గళ్ల వెడల్పు, ఎనిమిది గళ్ల ఎత్తు, మొత్తం 56. గురువు గారి సూత్రంలో తీసేసే ఆ 6 ఈ మూలే. 20 శాతం పెంచి 20 శాతం తగ్గిస్తే మొదటికి ఎందుకు రాదో కూడా ఇలాగే కనబడుతుంది. ఒక వైపు 12, మరో వైపు 8, మొత్తం 96.

పరీక్షలగురువు:
బొమ్మలు గీస్తూ కూర్చుంటే పరీక్షలో సమయం చాలదు.

గళ్లకాగితం:
ఆమె పరీక్ష గురించి అడగలేదు. "కారణం కావాలి" అని మొదటి సందేశంలోనే రాశారు.

వానకోయిల:
గళ్ల బొమ్మ గీయించాను. మూలను చూడగానే "ఓహో, రెండుసార్లా!" అంది. నిదానం గారు చెప్పిన 200లో 30 శాతం కూడా తనే వేసి చూసుకుంది. కానీ మూడో ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. 560 మాత్రమే తెలిస్తే వెయ్యి ఎలా వస్తుంది? తను 560కి 44 శాతం కలిపింది, 806.4 వచ్చింది.

నిదానం:
44 శాతం అన్నది వెయ్యిలో 44 శాతం, 560లో కాదు. 560 అనేది మొదటి ధరలో 0.56 వంతు కాబట్టి 560ని 0.56తో భాగించాలి. లేదా వచ్చిన దారినే ఒక్కో మెట్టూ వెనక్కి నడవమనండి. 560ని 0.7తో భాగిస్తే 800, దాన్ని 0.8తో భాగిస్తే 1000. జవాబు సరైనదో కాదో తనే సరిచూసుకోవచ్చు. 806.4 మొదటి ధర అయితే దాని మీద 20, 30 శాతాలు తగ్గించినప్పుడు 560 రావాలి. కానీ 451 చిల్లర వస్తుంది.

నెలాఖరు:
నా విషయానికి వస్తాను. మా వాళ్లు ఇప్పుడు "ఒకేసారి 10 కాకుండా 5, 5 చొప్పున రెండు విడతల్లో ఇచ్చి ఉంటే మీకు ఇంకా నష్టం అయ్యేది" అంటున్నారు. ఇది నిజమా?

నిదానం:
అబద్ధం. 90 మీద 5 శాతం పెంచితే 94.5, దాని మీద మళ్లీ 5 శాతం పెంచితే 99.225. రెండో పెంపు మొదటి పెంపు మీద కూడా పడుతుంది కాబట్టి, రెండూ పూర్తయ్యాక జీతం కాస్త ఎక్కువే ఉంటుంది. అయినా 100కు చేరదు.

పాతలెడ్జర్:
రెండో విడత ఎంత ఆలస్యం అవుతుందో చెప్పకుండా లాభనష్టాలు తేల్చకండి నిదానం గారూ. మధ్యలో 94.5 మీద గడిపే నెలలు ఉంటాయి కదా.

నెలాఖరు గారూ, అర్జీ రాసేటప్పుడు శాతం అన్న మాటే వాడకండి. కోతకు ముందు జీతం ఎంతో ఆ అంకె రాయండి, ఇప్పటి జీతం అంకె పక్కన పెట్టండి, తేడా అడగండి.

నెలాఖరు:
పోయిన నెలల తేడా కూడా అడగవచ్చా, లేక ఇకమీదటిది మాత్రమేనా?