బ్లడ్ గ్రూపు చార్టులో ‘O’కి, Rh గుర్తుకి ఏం రాయాలి?

నమస్తే అండి. హైదరాబాద్‌లో రక్తదాన శిబిరం కోసం తెలుగులో ఒక చార్టు రాస్తున్నాం. రెండు చోట్ల మీ సాయం కావాలి.

1901లో వియన్నాలో శాస్త్రవేత్త లాండ్‌స్టైనర్ పెట్టిన పేర్లు A, B, C. ఎర్ర కణం మీద A పదార్థం ఉంటే A, B ఉంటే B. మరుసటి ఏడాది రెండూ ఉన్న రక్తం దొరికింది, అదే AB. రెండూ లేని C తర్వాత O అయింది. ఇది జర్మన్‌లో ‘లేకుండా’ అనే ‘ఓనె’ నుంచి వచ్చిందని కొందరు, సున్నా అని కొందరు అంటారు. చార్టులో ఏది రాయమంటారు? ‘ఓ’ అని చదివేవాళ్లకు ‘ఏమీ లేనిది’ అన్న అర్థం అందడం ముఖ్యం.

రెండోది Rh. రీసస్ కోతి పేరు నుంచి వచ్చింది కాబట్టి మనలో కోతి రక్తం ఉందా అని అడుగుతున్నారు. నిజానికి ప్లస్ అంటే కణం మీద D అనే పదార్థం ఉన్నట్టు, మైనస్ అంటే లేనట్టు, అంతే.

చిక్కల్లా బలహీన D, అంటే D చాలా తక్కువగా ఉన్న రక్తం దగ్గర. స్లైడు మీద నీలం యాంటీ-A మందు చుక్కలో రక్తం నునుపుగా ఉంది, పసుపు యాంటీ-B చుక్కలో విరిగిన పాలలా గింజలు కట్టింది, రంగులేని యాంటీ-D చుక్కలో కదలిక లేదు. చూడగానే B నెగెటివ్ అనిపిస్తుంది. ఇంకా సూక్ష్మంగా పట్టే కూంబ్స్ పరీక్షలో మాత్రం D బయటపడుతుంది. అలాంటివారు రక్తం ఇచ్చేటప్పుడు పాజిటివ్. ఎక్కించుకునేటప్పుడు జాగ్రత్త కోసం చాలాచోట్ల నెగెటివ్‌గా చూస్తారు. దాత కంగారు పడకుండా దీన్ని ఒక్క వాక్యంలో ఎలా చెప్పాలి? బ్లడ్ బ్యాంకులో పనిచేసేవారు మీరు వాడే మాట చెప్పగలరా?