వార్డు బెడ్ రిపోర్టు: లెక్క రాత్రి 12కా, పొద్దున 8కా?

నెల్లూరు ఐటీ
నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి వార్డు సూపర్‌వైజర్ల కోసం రోజూ ఒక పేజీ రిపోర్టు తయారు చేస్తున్నా. ఎన్ని పడకలు నిండాయి, ఎంతమంది డిశ్చార్జి అయ్యారు, అంతే. లెక్క రాత్రి 12కి తీయాలా, పొద్దున 8కి తీయాలా? ఇద్దరు పెద్దవాళ్లు రెండు రకాలుగా చెప్పి నన్ను మధ్యలో వదిలేశారు.

రికార్డుల రమణయ్య
రాత్రి 12. ఇందులో చర్చేముంది? నెలాఖరున బెడ్ డేస్ కూడేది ఆ లెక్కతోనే. 30 పడకల వార్డులో ఆ వేళకి 27 మంది ఉంటే 90 శాతం. పొద్దున తీస్తే డాక్టరు రౌండ్స్‌కి ఎప్పుడొచ్చాడన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది. రాత్రి అంకెకి ఇంకో సుఖం ఉంది, సరిచూసుకోవచ్చు. నిన్న రాత్రి మందికి ఈ రోజు చేరినవాళ్లనీ పక్క వార్డు నుంచి వచ్చినవాళ్లనీ కలపండి. ఇంటికెళ్లినవాళ్లని, చనిపోయినవాళ్లని, వేరే వార్డుకు మారినవాళ్లని తీసేయండి. మిగిలిన అంకె ఈ రాత్రి పడకల మీద ఉన్నవాళ్లతో సరిపోవాలి. సరిపోలేదంటే ఎవరో ట్రాన్స్‌ఫర్ ఎక్కించలేదని అర్థం.

హెడ్ సిస్టర్ ఒంగోలు
రమణయ్య గారూ, రాత్రి 12కి మీరు నిద్రలో ఉంటారు. లెక్కపెట్టేది మా నైట్ డ్యూటీ అమ్మాయి. సరే, లెక్క సరిగ్గానే ఉందనుకుందాం. పొద్దున 11కి క్యాజువాలిటీ నుంచి ఫోన్ వస్తుంది, "మీకు మూడు ఖాళీ చూపిస్తోంది, ముగ్గురిని పంపుతున్నాం" అని. ఆ మూడింటిలో ఒకదానికి ఆక్సిజన్ పాయింటు పనిచేయదు. ఇంకోటి రాత్రి వెళ్లిన పేషెంటుది, పరుపు ఇంకా తుడవలేదు. మూడోది ఆడవాళ్ల వైపు ఉంది, వచ్చేది ముగ్గురూ మగవాళ్లు. మీ 90 శాతం పట్టుకుని నేనేం చేసుకోవాలి?

కందుకూరు గిరి
ఆక్యుపెన్సీ 85 దాటితే ఎరుపు, దాటకపోతే పచ్చ. ఎక్కడైనా ఇదే రూలు. ఇంత గొడవెందుకు?

రికార్డుల రమణయ్య
గిరీ, 85 అనేది పెద్ద ఆసుపత్రి మొత్తం మీద చెప్పుకునే మాట. 8 పడకల ఐసీయూలో ఆరుగురుంటే 75, ఏడుగురుంటే 87.5. ఒక్క పేషెంటు రాగానే పచ్చది ఎరుపైపోతుంది. చిన్న వార్డుకి శాతం కన్నా ఎన్ని పడకలు మిగిలాయో రాస్తే చాలు.

సిస్టర్ గారూ, మీరు చెప్పేది ఖాళీ పడకల సంగతి, నేను చెప్పేది నిండిన పడకల సంగతి. అయినా లెక్క తీయాల్సింది రాత్రి 12కే.

కావలి సుబ్బు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నని పొద్దున రౌండ్స్‌లో "ఇంటికెళ్లొచ్చు" అన్నారు. కారు తెప్పించి కింద పెట్టుకున్నాం. సాయంత్రం లైట్లు వేసే వేళకి బిల్లు ఇచ్చారు, అందులో ఆ రోజు బెడ్ చార్జీ కూడా వేశారు. ముందు ఆ చార్జీ సంగతి చూడండి సార్, తర్వాత లెక్కలు.

నెల్లూరు ఐటీ
సుబ్బన్నా, బిల్లింగ్ రూలు నా చేతిలో లేదు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన పడక మీద ఉన్నట్టా, వెళ్లినట్టా? మా సాఫ్ట్‌వేర్‌లో బిల్లు క్లోజ్ చేయగానే పడక ఖాళీ అని పడుతుంది. మనిషి ఇంకా అక్కడే ఉంటాడు.

హెడ్ సిస్టర్ ఒంగోలు
అక్కడే దొరికిపోయారు. బిల్లు క్లోజ్ అయితే పడక ఖాళీ కాదు, పేషెంటు లేచి వెళ్తే కూడా కాదు. తుడిచి దుప్పటి మార్చాకే ఖాళీ. మొన్నటి ఒక కేసు రాస్తాను చూడండి. హెర్నియా ఆపరేషన్ పేషెంటు, సొంత డబ్బు కేసు. డాక్టరు డిశ్చార్జి రాసింది 10:30కి. డ్యూటీ డాక్టరుకి తీరిక దొరికి సమ్మరీ టైపయ్యేసరికి 12:50. మిగిలిన మందులు ఫార్మసీకి వెనక్కిచ్చి చీటీ తెచ్చుకునేసరికి 1:20. బిల్లు ఫైనల్ 2:40. వాళ్లు డబ్బు కట్టింది 3:00. వార్డు వదిలింది 3:25. పడక సిద్ధమైంది 4:00. మొత్తం ఐదున్నర గంటలు. అందులో మా వార్డు చేతిలో ఉన్నది చివరి గంటే, పంపడానికి 25 నిమిషాలు, తుడవడానికి 35. ప్రభుత్వ ఆరోగ్య స్కీము కేసైతే డబ్బు గొడవ ఉండదు కానీ ఆ స్కీము డెస్కు దగ్గర కాగితాలయ్యేదాకా ఆగాలి. రిపోర్టులో మాత్రం "డిశ్చార్జి ఆలస్యం: 5:30, సర్జికల్ వార్డు" అని పడుతుంది.

కందుకూరు గిరి
అయితే సగటు తీసి పెట్టండి. అన్ని వార్డులకీ న్యాయం జరుగుతుంది.

రికార్డుల రమణయ్య
సగటు కాదయ్యా. ఒకడు బంధువులు రాక రాత్రి దాకా ఉండిపోతే సగటు మొత్తం వాడే లాగేస్తాడు. టైములన్నీ వరసగా పేర్చి మధ్యలో పడే అంకె చూడాలి.

ఇక సిస్టర్ గారూ, మీ బాధ అర్థమైంది గానీ ఎంట్రీల మాటా చెప్పుకుందాం. చాలా వార్డుల్లో సమ్మరీ, ఫార్మసీ, బిల్లు, పేషెంటు వెళ్లడం, నాలుగూ 1:50కీ 2 గంటలకీ మధ్యే నొక్కి ఉంటాయి. షిఫ్టు మారే ముందు అన్నీ ఒకేసారి నొక్కేస్తారు. ఆ టైములు పెట్టి ఎవరి వల్ల ఆలస్యమో తేల్చడం దండగ. ముందు నర్సులు క్రమశిక్షణ నేర్చుకోవాలి.

హెడ్ సిస్టర్ ఒంగోలు
క్రమశిక్షణా? ఇద్దరు నర్సులు 30 మందిని చూస్తూ, ఐవీలు మారుస్తూ, ప్రతి అడుగుకీ కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాలా? మందుల చీటీ ఫార్మసీ వాళ్లది, బిల్లు బిల్లింగ్ వాళ్లది. వాళ్ల పనికి వాళ్లే ఎందుకు నొక్కరు? వాళ్ల బటన్లు కూడా మా లాగిన్‌లోనే పెట్టిందెవరు?

అసలు సంగతి చెప్తా వినండి. నేను ఇంతకు ముందు పనిచేసిన చోట ఇలాంటి రిపోర్టే పెట్టారు. ప్రతి సోమవారం మీటింగులో తెర మీద వార్డుల పేర్లు, మాది ఎరుపు. ఒక సిస్టర్‌కి ఇంక్రిమెంటు ఆగింది. నెల తిరక్కుండా అంకెలు బ్రహ్మాండంగా అయిపోయాయి, ఆలస్యం 40 నిమిషాలే! ఎలాగంటే, అన్నీ పూర్తయ్యాకే డిశ్చార్జి ఆర్డరు ఎక్కించడం మొదలుపెట్టారు. పేషెంట్లు మాత్రం అదే సాయంత్రం వెళ్లారు. నాకు 12 అయినా ఒకటే, 8 అయినా ఒకటే. ఈ పేజీ ఎవరి చేతికి వెళ్తుందో చెప్పండి, అప్పుడు నిజమైన టైములు ఎక్కిస్తాం.

రికార్డుల రమణయ్య
ఆ మాట మొదటే అనుంటే సరిపోయేది కదమ్మా. అయినా ఆ పన్నాగం కనిపెట్టడం కష్టం కాదు. రౌండ్స్ 10:30కి అయిపోయే వార్డులో ఆర్డర్లన్నీ 3 గంటలకు పడుతున్నాయంటే ఏదో జరుగుతున్నట్టే. అందుకే ఆర్డరు నుంచి ఎంతసేపు అని కాకుండా, గడియారంలో 2 గంటల్లోపు ఎంతమంది వార్డు వదిలారో చూడాలి. ఆర్డరు ఆలస్యంగా ఎక్కించినంత మాత్రాన ఆ అంకె మారదు.

కానీ పై వాళ్లకి పంపకుండా దాచిపెట్టే రిపోర్టుకి నేను ఒప్పుకోను. బిల్లింగ్ మనుషులు చాలరని చెప్పడానికి ఆ కాగితమే కదా సాక్ష్యం.

హెడ్ సిస్టర్ ఒంగోలు
పంపండి. వార్డు పేరుతో కాదు, అడుగు పేరుతో పంపండి. సమ్మరీ దగ్గర ఇంతసేపు, బిల్లు దగ్గర ఇంతసేపు అని.

కావలి సుబ్బు
నా బెడ్ చార్జీ మాట ఎవరూ ఎత్తరే?

నెల్లూరు ఐటీ
రెండు లెక్కలూ ఉంచుతున్నా. రాత్రి 12ది నెలవారీ లెక్కకి, రమణయ్య గారి సరిచూపుతో సహా. సూపర్‌వైజర్ల పేజీ పొద్దున 8కి, మళ్లీ 11కి. ప్రతి పడకా ఐదింటిలో ఒకటిగా పడుతుంది: పేషెంటు ఉన్నాడు, డిశ్చార్జి రాశారు కానీ వెళ్లలేదు, వెళ్లాడు కానీ తుడవలేదు, సిద్ధం, వాడకానికి లేదు. ఆడ, మగ వైపులు విడివిడిగా. ఫార్మసీ, బిల్లింగ్ బటన్లు వాళ్ల లాగిన్‌లకే మారుస్తా. పైకి వెళ్లే కాగితంలో వార్డు పేరు తీసేయడం మాత్రం నా చేతిలో లేదు, మేనేజ్‌మెంటుని అడగాలి.

హెడ్ సిస్టర్ ఒంగోలు
అడిగి చెప్పు నాయనా. అప్పటిదాకా మా వార్డులో 1:55కే నొక్కుతారు.

రికార్డుల రమణయ్య
వాడకానికి లేని పడకని శాతం లెక్కలో కింద నుంచి తీసేస్తావా, ఉంచుతావా? 30లో 27 అయితే 90, 29లో 27 అయితే 93. అది తేల్చకుండా మొదలుపెట్టకు.