వదిన సీమంతానికి మూడువేల లోపు ఏం కొనాలి?

గుంటూరు_మరదలు: వదినకి వచ్చే నెల సీమంతం, నవంబరు మొదట్లో డెలివరీ అన్నారు. పట్టుచీర, వెండి గ్లాసు ఎలాగూ వస్తాయి. బిడ్డకి ఆరో నెల దాకా పనికొచ్చేవి కావాలి.

సత్యవతి_గారు: వెండి గ్లాసు ఎంత బరువున్నది తీసుకుంటున్నారు? మా కోడలికి మేం ఉగ్గుగిన్నె కూడా ఇచ్చాం.

కవలల_అమ్మ: బారసాలకి వచ్చేవాళ్ళంతా జీరో టు త్రీ సైజు బట్టలే తెస్తారు. అవి రెండో నెల దాటగానే బిగుతవుతాయి. మీరు 3–6 నెలల సైజు కొనండి. కాకపోతే నెలలు లెక్కేసుకోండి. నవంబరులో పుడితే ఆ సైజు వేసేది ఫిబ్రవరి నుంచి మే దాకా, అంటే గుంటూరు ఎండల్లో. కాబట్టి చేతుల్లేని పల్చటి కాటన్ జుబ్బాలే తీసుకోండి, ముందు ముడులుండేవి. ఆ సైజులో ఉన్ని సెట్టు కొంటే అలాగే బీరువాలో ఉండిపోతుంది.

హైదరాబాద్_నాన్న: డ్రై షీట్లు! మూడు ఇవ్వండి. ఒకటి బిడ్డ కింద, ఒకటి తీగ మీద, ఒకటి సిద్ధంగా. వేడినీళ్ళలో ఉతికితే ఇంకా శుభ్రంగా ఉంటాయి.

కవలల_అమ్మ: మూడు అన్నది కరెక్టే, వేడినీళ్ళు మాత్రం వద్దు. అడుగున ఉండే పొర ఊడిపోతుంది. గట్టిగా పిండినా, ఇస్త్రీ చేసినా అంతే. అనుమానమొస్తే షీటు నేల మీద పరిచి గ్లాసుడు నీళ్ళు పోసి కాసేపాగి ఎత్తి చూడండి, నేల తడిస్తే దాని పని అయిపోయినట్టే. పైన పాత కాటన్ చీర ముక్క వేయాలి, లేకపోతే చెమటకి వీపంతా పేలుతుంది.

విజయనగరం_అక్క: ఆవాల దిండు మర్చిపోయారు. తల గుండ్రంగా వస్తుంది.

పిల్లల_వార్డు_నర్సు: పడుకున్న బిడ్డ దగ్గర దిండు ఏదైనా వద్దని మేం చెబుతాం. దానికి బదులు డిజిటల్ థర్మామీటరు ఇవ్వండి. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలప్పుడు జ్వరాలొస్తాయి. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 చూపిస్తే ఇంట్లో మందు వేయకుండా డాక్టరుకి చూపించాలి. చేత్తో పట్టి చూస్తే ఆ తేడా తెలియదు.

విజయనగరం_అక్క: మా ఇంట్లో ముగ్గురు పిల్లలూ ఆ దిండు మీదే పెరిగారమ్మా.

గుంటూరు_మరదలు: సరే, మూడు డ్రై షీట్లు, థర్మామీటరు, ఎండాకాలం జుబ్బాలు ఆరు. కానీ మా అమ్మ పుట్టకముందే బిడ్డ బట్టలు ఇంటికి తేకూడదంటోంది.

సత్యవతి_గారు: మీ అమ్మగారు అన్నది నిజమే.

కవలల_అమ్మ: అయితే సీమంతానికి షీట్లు, థర్మామీటరు ఇచ్చేయండి. జుబ్బాలు బారసాలకి తీసుకెళ్ళండి, ఎలాగూ అప్పటికి వాటి అవసరం రాదు.