8 విషయంలో నిజమైంది కదా, మరి తప్పెలా?

ఫస్టియర్_స్టూడెంట్: సంఖ్యను 4 భాగిస్తే అది సరిసంఖ్య. 8 సరిసంఖ్య. కాబట్టి 8ని 4 భాగిస్తుంది. మూడూ నిజమే. అయినా సార్ ఇది చెల్లదన్నారు, అఫర్మింగ్ ది కాన్సీక్వెంట్ అట. ‘P అయితే Q. P నిజం. కాబట్టి Q నిజం’ అనే మోడస్ పోనెన్స్ మాత్రం చెల్లుతుందట. ఎందుకు?

లెక్కల_మాష్టారు: 8 తీసేసి 6 పెట్టు బాబూ. మొదటి రెండూ నిజం, చివరిది అబద్ధం. మనం చూసేది ఆ ఒక్క 8ని కాదు, వాదన అచ్చుని. అందులో ఏం పోసినా నిజాల నుంచి అబద్ధం ఊడిపడకూడదు. 6 ఒక్కటి చాలు, అచ్చు పగిలింది.

ఇప్పుడు మోడస్ పోనెన్స్‌కి అలాంటి 6ని వెతుకు. ‘P అయితే Q’ నిజం, P నిజం, Q మాత్రం అబద్ధం కావాలి. కానీ P ఉండి Q లేకపోతే ‘P అయితే Q’ అన్న మాటే అబద్ధమైపోతుంది. ఇక ఆ 6 ఎక్కడ దొరుకుతుంది? అదే Q ఉండి P లేకపోతే ఆ మాటకి ఏ దెబ్బా తగలదు. నీ వాదన దెబ్బతిన్నది అక్కడే.

బ్యాక్‌బెంచ్: సింపుల్‌గా చెప్పాలంటే, మోడస్ పోనెన్స్‌లో ముగింపు ఎప్పుడూ నిజమే వస్తుంది.

లెక్కల_మాష్టారు: సగమే కరెక్టు. ‘3 భాగిస్తే సరిసంఖ్య. 9ని 3 భాగిస్తుంది. కాబట్టి 9 సరిసంఖ్య.’ ఇదీ మోడస్ పోనెన్సే, చెల్లుతుంది కూడా. ముగింపు తప్పు రావడానికి కారణం మొదటి వాక్యం. అచ్చులో లోపం లేదు, పోసిన పిండిలో ఉంది.

సంస్కృతం_ఎమ్మే: అన్నంభట్టు రాసిన సంస్కృత తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో ఇదే గొడవ. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. అలాగని నిప్పు చూసి పొగ ఉందంటే? ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా తోడవ్వాలి.

బండి_బాబు: మా నాన్న ‘పాసయితే బండి కొనిస్తా’ అన్నారు. బండి రాగానే పక్కింటివాళ్లు స్వీట్లు అడిగారు. నాకు రెండు సబ్జెక్టులు పోయాయి! అయినా వాళ్లది తప్పెలా అవుతుంది? మన మాటల్లో ‘పాసయితే’ అంటే ‘పాసయితేనే’ అని కదా.

లెక్కల_మాష్టారు: ‘పాసయితేనే’ అనుకుంటే పక్కింటివాళ్ల వాదన చెల్లుతుంది, కానీ మీ నాన్న మాట తప్పినట్టు. ఉత్త ‘పాసయితే’ అయితే ఫెయిలైనా కొనిపెట్టొచ్చు, ఆయన మాట తప్పలేదు. ఒక్క ‘నే’తో వాక్యమే మారిపోయింది. లాజిక్ క్లాసులో రాసి ఉన్నదే చదవాలి.

బండి_బాబు: కానీ మాష్టారూ, ‘మాట తప్పాను’ అని నాన్న అమ్మ దగ్గర ఒప్పుకున్నారు. అంటే ఆయన మనసులో ఆ ‘నే’ ఉన్నట్టేగా?

సంస్కృతం_ఎమ్మే: అది వాక్యార్థంలో ఉందా, విన్నవాళ్లు కలుపుకున్నదా? నేనైతే అర్థంలోనే ఉందంటాను.

లెక్కల_మాష్టారు: నేను ఒప్పుకోను. ‘పాసయితే కొనిస్తా, ఫెయిలైనా కొనిస్తా’ అని తెలుగులో హాయిగా అనొచ్చు. ‘పాసయితేనే కొనిస్తా, ఫెయిలైనా కొనిస్తా’ అని చూడండి.