అప్‌డేట్: 5 సెంట్లంటే 250 గజాలేనా?

నా ప్రశ్న: "ఆనందపురం దగ్గర స్థలం. డ్రాఫ్ట్‌లో 5 సెంట్లు, అనగా 250 చదరపు గజాలు అని ఉంది. గజం 20,000 చొప్పున 50 లక్షలు. లెక్క సరేనా?"

సరికాదండి. ఎకరానికి 4,840 గజాలు, సెంటు అందులో నూరో వంతు, అంటే 48.4. ఐదు సెంట్లకు 242 గజాలే. మధ్యవర్తి సెంటుకు 50 వేసేశాడు. హైదరాబాద్‌లో ఉండే మా బావ గుంటల్లో చూశాడు. గుంట 121 గజాలు కాబట్టి రెండు గుంటలు, మళ్లీ అదే 242. ఎనిమిది గజాలేగా అనుకున్నా, డబ్బులో 1,60,000!

నేల మీద నిజంగా 250 ఉందేమోనని ఒక టెన్షన్. ఆదివారం టేపు పట్టాం. మూలమట్టంగా ఉన్న స్థలం, 44 అడుగులు, 49.5 అడుగులు. గుణించి 9తో భాగిస్తే 242. ఓనర్ పేచీ పెట్టలేదు. డ్రాఫ్ట్ మార్పించి, ధర 48,40,000కి దించి, నాలుగు వైపుల కొలతలూ షెడ్యూల్‌లో రాయించాం.