అప్‌డేట్: డిగాక్సిన్, ఫ్యూరోసమైడ్ ప్రశ్న తేలింది (కడప)

ప్రశ్నలో పేషెంటు గుండె మందు డిగాక్సిన్, మూత్రం ఎక్కువ పోయించే ఫ్యూరోసమైడ్ రెండూ వాడుతున్నాడు. నా ప్రశ్న: "డిగాక్సిన్ లెవెల్ 1.4, నార్మలే. అయినా టాక్సిసిటీ అని కీలో ఎందుకు ఇచ్చారు?"

జవాబిచ్చిన అక్కలకు, అన్నలకు థ్యాంక్స్. కీ కరెక్టే. నేను డిగాక్సిన్ లెవెల్ దగ్గరే ఆగిపోయినా, పొటాషియం తక్కువగా, 2.9 అని పక్కనే ఉంది.

గుండె కణం మీద సోడియం-పొటాషియం పంపు ఉంటుంది. డిగాక్సిన్ పట్టుకునేది దాన్నే. అక్కడ పొటాషియం దానికి పోటీ. ఫ్యూరోసమైడ్ హెన్లీ లూప్‌లో సోడియం తిరిగి రక్తంలోకి పోకుండా ఆపుతుంది. ఆ సోడియం ముందుకెళ్లి, చివరి నాళాల్లో పొటాషియంను మూత్రంలోకి తోయిస్తుంది. రక్తంలో పొటాషియం తగ్గితే పోటీ తగ్గినట్టే, అదే 1.4 డిగాక్సిన్ ఎక్కువ పంపులను పట్టేస్తుంది. అంటే పెరిగింది మందు కాదు, దాని పట్టు.

ప్రశ్నలో పేషెంటుకు వికారం, చూపు పసుపుగా, పల్స్ 52. మొదట చేయాల్సింది ఎపికల్ పల్స్ నిండా ఒక నిమిషం లెక్కపెట్టడం. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువుంటే డోసు ఆపి డాక్టరుకు చెప్పాలి, పొటాషియం విలువతో సహా. "అరటిపండు తినమని చెప్పాలి" అనే ఆప్షన్ వల. పులివెందుల అరటి ఎంత మంచిదైనా 2.9ని ఇప్పటికిప్పుడు సరిచేయదు.

ఫ్యూరోసమైడ్ బదులు స్పైరనోలాక్టోన్ ఇచ్చి అడిగితే ఈ దారి పనికిరాదు. అది పొటాషియంను నిలబెడుతుంది.