బిల్లులో 48 కార్టన్లు, గోడౌన్‌లో 42: మిగతా 6 ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. మల్కాజిగిరిలో మాది చిన్న జనరల్ స్టోర్. సోమవారం సాయంత్రం బేగంబజార్ నుంచి డిటర్జెంట్ సబ్బుల లోడు వచ్చింది. బిల్లులోనూ, లారీ రసీదులోనూ 48 కార్టన్లే ఉన్నాయి. వాన మొదలవుతోందని హమాలీలు గబగబా దించేశారు. డ్రైవరేమో వెళ్లాలని తొందర. వరుసకు ఆరు, ఎనిమిది వరుసలు అనుకుని "సరుకు సరిగా అందింది" అని సంతకం పెట్టేశాను. తప్పు నాదే.

మర్నాడు పొద్దున స్టాక్ లెక్కిస్తే ఏడు వరుసలే. రెండుసార్లు లెక్కపెట్టాం, 42. మధ్యలో అమ్మిందేమీ లేదు. దించుతున్నప్పటి సీసీటీవీ వీడియోలో కూడా 42 లెక్క తేలుతోంది. అదే లారీ మాకంటే ముందు ఇంకో షాపులో సరుకు దించింది కాబట్టి, మా ఆరు అక్కడ దిగాయేమోనని అనుమానం.

డీలర్‌కు ఫోన్ చేస్తే, "సంతకం పెట్టాక మేమేం చేస్తాం అన్నా" అన్నాడు. వీడియో, ఫొటోలు, బిల్లు నంబరుతో వాట్సాప్, మెయిల్ రెండూ పంపాలనుకుంటున్నా. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకూ విడిగా రాయాలా?

నాకు క్రెడిట్ నోట్ వద్దు, సరుకే కావాలి. ఆ ఆరూ పాత బిల్లు మీదే, డెలివరీ చలాన్‌తో పంపమనొచ్చా? కొత్త బిల్లు వేస్తే జీఎస్టీ రెండుసార్లు పడుతుంది కదా. అందని సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకూడదు కాబట్టి, అవి వచ్చేదాకా 42కే తీసుకుంటే సరిపోతుందా? ఇలాంటిది ఎదురైనవాళ్లు చెప్పండి.